చుట్టు చుట్టుకీ తప్పు ఎంత తగ్గుతోంది?

ఒక ఇనప కడ్డీ ఉంది. దాని ఒక కొస మంచుగడ్డల్లో, రెండో కొస మరుగుతున్న నీళ్లలో పెట్టాం. పక్కలనుంచి వేడి పోకుండా చుట్టూ మందంగా గుడ్డ చుట్టాం. చాలాసేపు అలాగే వదిలేస్తే ఎక్కడి వేడి అక్కడ నిలకడకు వస్తుంది. ఇప్పుడు కడ్డీని నాలుగు సమభాగాలు చేసి మధ్యలో మూడు గుర్తులు పెడదాం. ఒక్కో గుర్తు దగ్గర ఎన్ని డిగ్రీలు ఉంటుంది?

25, 50, 75 అని మీరు ఈపాటికి చెప్పేసి ఉంటారు. జవాబు ముందే తెలిసిన లెక్కను కావాలనే తీసుకున్నాం. జవాబు తెలిస్తేనే కదా, దారిలో ఏ మజిలీ దగ్గర ఎంత తప్పు మిగిలిందో కొలవగలం!

నిలకడకు వచ్చాక నియమం ఒక్కటే: ఏ గుర్తు దగ్గరి వేడి అయినా దానికి అటూ ఇటూ ఉన్న వేడికి సగటు. మూడు గుర్తులు, మూడు సమీకరణాలు. బడిలో నేర్పిన పద్ధతిలో అయితే ఒక్కో తెలియని రాశినీ తొలగించుకుంటూ పోతాం. మూడింటికి అది హాయిగా సాగుతుంది. అదే కడ్డీ బదులు లోహపు పలక తీసుకుని నిలువునా వెయ్యి, అడ్డంగా వెయ్యి గుర్తులు పెడితే తెలియని రాశులు పది లక్షలవుతాయి. ఒక్కో సమీకరణంలో ఉండేవి మహా అయితే ఐదే రాశులు, మిగతావన్నీ సున్నాలే. కానీ తొలగింపు మొదలుపెట్టగానే ఆ సున్నాల చోట్లలోకి కొత్త అంకెలు వచ్చి చేరుతుంటాయి. కంప్యూటర్ మెమరీ అక్కడే చాలకుండా పోతుంది.

అందుకే ఇంకో దారి. సమీకరణాలను కదపకుండా, ముందు ఏదో ఒక జవాబు ఊహించుకుని, దాన్ని చుట్టు చుట్టుకీ సరిదిద్దుకుంటూ పోవడం.

ఒకే కడ్డీ, రెండు పద్ధతులు

మూడు గుర్తుల దగ్గరా సున్నా డిగ్రీలు అనుకుని మొదలుపెడదాం. జాకోబి పద్ధతిలో ప్రతి గుర్తూ పోయిన చుట్టులోని పాత విలువలనే చూసి తన సగటు తీసుకుంటుంది. పక్క గుర్తు ఇప్పుడే మారినా సరే, ఆ మార్పు ఈ చుట్టులో లెక్కలోకి రాదు. గాస్–సైడెల్ పద్ధతిలో అలా ఆగరు. ఎడమనుంచి కుడికి వెళ్తూ, ఇప్పుడే వచ్చిన కొత్త విలువను వెంటనే వాడేస్తారు. కాగితం మీద వేస్తే ఇలా వస్తుంది:

| చుట్టు | జాకోబి | గాస్–సైడెల్ |
|---|---|---|
| 1 | 0, 0, 50 | 0, 0, 50 |
| 2 | 0, 25, 50 | 0, 25, 62.5 |
| 3 | 12.5, 25, 62.5 | 12.5, 37.5, 68.75 |
| 4 | 12.5, 37.5, 62.5 | 18.75, 43.75, 71.875 |

ఇక విలువలను వదిలేసి తప్పులను చూద్దాం. గాస్–సైడెల్‌లో రెండో చుట్టు తర్వాత అసలు జవాబుకు ఉన్న తేడాలు 25, 25, 12.5. మూడో చుట్టు తర్వాత 12.5, 12.5, 6.25. నాలుగో చుట్టుకు 6.25, 6.25, 3.125. ప్రతి చుట్టుకూ తప్పు సరిగ్గా సగమవుతోంది. జాకోబిలో రెండో చుట్టు తర్వాత మూడు చోట్లా 25 తేడా ఉంది, అది 12.5 కావడానికి నాలుగో చుట్టు దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఈ కడ్డీ మీద జాకోబి రెండు చుట్లు తిరిగితే గాస్–సైడెల్ ఒక్క చుట్టుకు సమానం.

ఈ పేర్ల వెనక ఒక తమాషా ఉంది. భూమి కొలతల్లో పుట్టిన సమీకరణాలను ఇలా సరిదిద్దుకుంటూ పోయే విధానాన్ని గాస్ 1823లో తన పూర్వ శిష్యుడు గెర్లింగ్‌కు ఉత్తరంలో వివరించాడు. సగం నిద్రలో ఉండి కూడా చేయవచ్చని మురిసిపోయాడు. కానీ ఆయన వరసగా వెళ్లలేదు, ఎక్కడ తేడా ఎక్కువగా కనిపిస్తే ముందు దాన్ని సరిచేశాడు. జాకోబి తన పద్ధతిని 1845లో ప్రచురించాడు. ఆయన దగ్గర చదువుకున్న సైడెల్ 1874లో రాసిన వ్యాసంలో, వరసగా తిరగడం కంటే తేడా చూసి ఎంచుకోవడమే మేలన్నాడు. అందుకే గాస్–సైడెల్ పద్ధతి గాస్‌కు తెలియదు, సైడెల్‌కు నచ్చలేదు అన్న చమత్కారం గణితజ్ఞుల్లో ప్రచారంలో ఉంది.

ఆ సగం ఎక్కడిది?

కొత్త విలువలు రావాలంటే పాత విలువలను కొన్ని అంకెలతో గుణించి, 100 డిగ్రీల కొస లాంటి స్థిరమైన భాగాన్ని కలుపుతాం. అసలు జవాబును ఇదే నియమంలో పెడితే మళ్లీ అదే జవాబు వస్తుంది, ఎందుకంటే అది అప్పటికే నిలకడలో ఉంది. ఒకదానిలోంచి ఇంకోటి తీసేస్తే స్థిరమైన భాగం ఎగిరిపోతుంది. మిగిలేది ఇది: కొత్త తప్పు రావాలంటే పాత తప్పును ఒక మాత్రికతో గుణిస్తే చాలు. ప్రతి చుట్టులోనూ అదే మాత్రిక. దాన్నే ఇటరేషన్ మాత్రిక అంటారు.

పై లెక్కలో 25, 25, 12.5 అనే తప్పు ఒక ప్రత్యేకమైన ఆకారం. మాత్రిక దాని మీద పనిచేసినా 2:2:1 నిష్పత్తి చెదరలేదు, పరిమాణం మాత్రం సగమైంది. ఇలా తన ఆకారం పోగొట్టుకోని తప్పును ఐగెన్ సదిశ అనీ, అది ఎన్నో వంతు అవుతుందో చెప్పే అంకెను ఐగెన్ విలువ అనీ అంటారు. మొదట మనం ఎంత పిచ్చి ఊహతో మొదలుపెట్టినా, మామూలుగా ఆ తప్పు ఇలాంటి కొన్ని ఆకారాల కలయికే. ఒక్కోటీ తన వేగంతో కరుగుతుంది. త్వరగా కరిగేవి పోయాక, అన్నిటికంటే మొండిది మిగులుతుంది. గుర్తులు పక్కనపెట్టి చూస్తే పరిమాణంలో అన్నిటికంటే పెద్దదైన ఐగెన్ విలువే స్పెక్ట్రల్ రేడియస్. మన కడ్డీకి అది గాస్–సైడెల్‌లో 0.5, జాకోబిలో సుమారు 0.707. ఈ రెండో అంకెను దానితోనే గుణిస్తే మళ్లీ 0.5 వస్తుంది. రెండు చుట్లకు ఒక చుట్టు అన్న లెక్క అక్కడినుంచి వచ్చిందే.

తీర్పు ఇది: స్పెక్ట్రల్ రేడియస్ ఒకటి కంటే తక్కువైతే ఎక్కడ మొదలుపెట్టినా జవాబు దగ్గరికి చేరతాం. ఒకటిగానీ అంతకు మించిగానీ ఉంటే, ఎన్ని చుట్లు తిరిగినా గమ్యం చేర్చని మొదళ్లు తప్పకుండా ఉంటాయి.

తొలి అడుగులు చూసి నమ్మకండి

కొత్త విలువను వెంటనే వాడుకునే గాస్–సైడెల్ ఎప్పుడూ మెరుగే అనిపిస్తుంది. ఈ మూడు సమీకరణాలు చూడండి:

```
 x + 2y − 2z = 1
 x +  y +  z = 3
2x + 2y +  z = 5
```

జవాబు 1, 1, 1. మొదటి సమీకరణం నుంచి x, రెండో దాన్నుంచి y, మూడో దాన్నుంచి z సరిదిద్దుకుంటూ సున్నాల నుంచి జాకోబి మొదలుపెడితే ముందు 1, 3, 5 వస్తాయి. తర్వాతి చుట్టులో 5, −3, −3. దగ్గరికి రావడం మాట అటుంచి, ఇంకా దూరం జరిగినట్టుంది. చూసేవాళ్లకు విసుగొచ్చి కాగితం చింపేయాలనిపిస్తుంది. కానీ మూడో చుట్టులో 1, 1, 1. సరిగ్గా జవాబే! ఇక్కడ జాకోబి మాత్రిక స్పెక్ట్రల్ రేడియస్ సున్నా. ఆ మాత్రికతో మూడుసార్లు గుణిస్తే ఏ తప్పయినా పూర్తిగా మాయమవుతుంది, కానీ మధ్యలో ఉబ్బకూడదని నియమమేమీ లేదు.

అదే లెక్క గాస్–సైడెల్‌తో చేస్తే 1, 2, −1 వస్తాయి. తర్వాత −5, 9, −3. ఆ తర్వాత −23, 29, −7. z ఒక్కదాన్నే గమనిస్తే −1, −3, −7, −15 అవుతూ పోతుంది. ఒకటి నుంచి దాని తేడా 2, 4, 8, 16. ఇక్కడ స్పెక్ట్రల్ రేడియస్ 2. మొదటి చుట్టులో గాస్–సైడెలే జవాబుకు దగ్గరగా కనిపించింది సుమా!

రేడియస్ లెక్కకట్టకుండానే ధైర్యం చెప్పే ఒక చూపు పరీక్ష ఉంది. ప్రతి సమీకరణంలో వికర్ణం మీది అంకె, మిగతా అంకెల మొత్తం కంటే పెద్దదైతే రెండు పద్ధతులూ గమ్యం చేరతాయి. గుర్తులు వదిలేసి పరిమాణాలే చూడాలి. పై లెక్కలో మొదటి వరుసలోనే ఒకటికి ఎదురుగా నాలుగు ఉంది. అయితే ఈ పరీక్ష తప్పినంత మాత్రాన పద్ధతి విఫలమైనట్టు కాదు, జాకోబి ఇప్పుడే నిరూపించింది కదా.

ఆగిపోయినట్టు కనిపించే లెక్క

ఎక్కువమంది దెబ్బతినేది దారితప్పే లెక్కల దగ్గర కాదు, మరీ నెమ్మదిగా నడిచే లెక్కల దగ్గర. మళ్లీ మన కడ్డీకే వద్దాం. మూడు గుర్తుల బదులు 99 గుర్తులు పెడితే జాకోబి స్పెక్ట్రల్ రేడియస్ 0.9995 అవుతుంది. తప్పు పదో వంతుకు తగ్గాలంటే జాకోబికి 4,660కి పైగా చుట్లు కావాలి, గాస్–సైడెల్‌కు 2,330కి పైగా. గుర్తుల మధ్య దూరం సగం చేస్తే చుట్లు నాలుగింతలవుతాయి. మొండికేసేది కడ్డీ పొడవునా ఒకే వంపుగా పరుచుకున్న నునుపైన తప్పు. ఏ గుర్తు దగ్గర చూసినా అది పక్కవాళ్ల సగటుకు దాదాపు సమానంగానే ఉంటుంది, కాబట్టి సగటు తీసినా కదలదు.

ఇక్కడే బోల్తా పడతారు. పోయిన చుట్టుకూ ఈ చుట్టుకూ తేడా 0.001 డిగ్రీ కంటే తగ్గితే ఆపేయమని ప్రోగ్రామ్‌లో రాస్తారు. తేడా తగ్గుతుంది, ప్రోగ్రామ్ ఆగుతుంది, జవాబు వచ్చిందనుకుంటారు. కానీ మొండి ఆకారం ఒక్కటే మిగిలాక, మిగిలిన తప్పు తెలియాలంటే తాజా మార్పును రేడియస్‌తో గుణించి, ఒకటిలోంచి రేడియస్ తీసేస్తే వచ్చే దానితో భాగించాలి. మూడు గుర్తుల గాస్–సైడెల్‌లో సరిచూడండి. నాలుగో చుట్టులో మొదటి గుర్తు 12.5 నుంచి 18.75కు మారింది, మార్పు 6.25. దాన్ని 0.5తో గుణించి 0.5తో భాగిస్తే 6.25. మిగిలిన తప్పు కూడా సరిగ్గా అంతే. ఇదే సూత్రాన్ని 99 గుర్తుల జాకోబికి వేస్తే మార్పును దాదాపు 2,000తో గుణించాలి. 0.001 డిగ్రీ దగ్గర ఆపేసిన లెక్కలో ఇంకా రెండు డిగ్రీల తప్పు దాగి ఉందన్నమాట.

రేడియస్ ముందే తెలియకపోతే? లెక్కే చెబుతుంది. వరుసగా రెండు చుట్లలో వచ్చిన మార్పులను తీసుకుని, కొత్తదాన్ని పాతదానితో భాగించండి. చాలా చుట్లపాటు ఆ నిష్పత్తి ఒక అంకె దగ్గర కుదురుకుంటే అదే స్పెక్ట్రల్ రేడియస్‌కు మంచి అంచనా. అది 0.5 అయితే మార్పు చిన్నదైనప్పుడు నిశ్చింతగా ఆపొచ్చు. 0.9995 అని కనిపిస్తే మాత్రం, తెర మీద అంకెలు కదలడం మానేసినా కడ్డీ ఇంకా నిలకడకు రాలేదని అర్థం.