మూడుసార్లు తిరగేస్తే చాలు

1971లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ నడిచిన పీడీపీ-11 యంత్రంలో ఉన్న మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. అందులో 16 ఆపరేటింగ్ సిస్టమ్‌కే పోగా, వాడేవాళ్ల ప్రోగ్రాములకు మిగిలినవి 8. ఇవాళ మన ఫోన్‌లో ఒక చిన్న బొమ్మకు కూడా చాలని ఆ చోటులోనే `ed` అనే టెక్స్ట్ ఎడిటర్ పనిచేయాలి. దాన్ని రాసినవాడు కెన్ థాంప్సన్.

ఆ ఎడిటర్‌లో కొన్ని పంక్తులను ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టే ఆదేశం ఒకటుంది. ఫైల్‌లో ఏడు పంక్తులు ఉన్నాయనీ, వాటిలో వరసగా ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని అని రాసి ఉందనీ అనుకోండి. `1,3m7` అని కొడితే మొదటి మూడు పంక్తులూ ఏడో పంక్తి తర్వాతికి వెళ్లాలి. అంటే బుధ, గురు, శుక్ర, శని, ఆది, సోమ, మంగళ అన్న వరస రావాలి. పంక్తుల అసలు పాఠం డిస్క్ మీద తాత్కాలిక ఫైల్‌లో ఉంటుంది. మెమరీలో ఉండేది ఏ పంక్తి ఎక్కడుందో చెప్పే చిరునామాల వరస మాత్రమే. కాబట్టి చేయాల్సిందల్లా ఆ వరసను, అంటే అర్రేను, ఎడమకు మూడు గడులు జరపడం. ముందు నుంచి జారిపోయినవి వెనక వచ్చి చేరాలి.

మామూలుగా ఎవరికైనా తట్టే పద్ధతి, ముందున్న మూడింటినీ పక్కన ఇంకోచోట రాసిపెట్టుకుని, మిగతా నాలుగింటినీ ముందుకు లాగి, రాసిపెట్టుకున్నవాటిని చివర అతికించడం. ఇందులో తప్పేమీ లేదు. కానీ జరపాల్సినవి మూడు కాక మూడు వేలైతే అంత పక్కచోటు కావాలి, ఎనిమిది కిలోబైట్లలో అది ఎక్కడి నుంచి వస్తుంది? పోనీ ఒక్కొక్కటిగా, ముందున్నదాన్ని తీసి చివర పెడుతూ ఒక్కో గడి చొప్పున జరిపితే పక్కచోటు అక్కర్లేదు గానీ, ప్రతిసారీ అర్రే మొత్తం కదలాలి. వెయ్యి గడులు జరపడానికి అర్రే అంతా వెయ్యిసార్లు కదులుతుంది.

అదనపు చోటు అడగకుండా, ఇంత ఆలస్యమూ చేయకుండా పని జరిపే ఉపాయం ఇది. మొదటి భాగాన్ని దాని చోటులోనే తిరగేయాలి. తర్వాత రెండో భాగాన్ని తిరగేయాలి. చివరికి మొత్తాన్నీ తిరగేయాలి.

మన వారాలతో చేసి చూద్దాం. మొదటి మూడూ తిరగేస్తే మంగళ, సోమ, ఆది, బుధ, గురు, శుక్ర, శని. చివరి నాలుగూ తిరగేస్తే మంగళ, సోమ, ఆది, శని, శుక్ర, గురు, బుధ. ఇప్పటికి అంతా చిందరవందరగా కనిపిస్తుంది, గమ్యానికి దగ్గరైనట్టే అనిపించదు. ఇప్పుడు ఏడింటినీ కలిపి తిరగేయండి: బుధ, గురు, శుక్ర, శని, ఆది, సోమ, మంగళ. కావాల్సింది అదే.

తిరగేయడానికి పక్కచోటు అక్కర్లేదు. మొదటిదీ చివరిదీ చోట్లు మార్చుకుంటాయి, తర్వాత రెండోదీ చివరి నుంచి రెండోదీ, అలా మధ్యలో కలిసేదాకా. ఆ మార్పిడికి ఒక్క అంశం పట్టేంత ఖాళీ ఉంటే సరిపోతుంది. మన ఉదాహరణలో మొదటి అడుగుకు ఒక మార్పిడి, రెండో అడుగుకు రెండు, మూడో అడుగుకు మూడు, మొత్తం ఆరు.

ఇది ఏడింటికీ కుదిరింది సరే, ఎప్పుడూ కుదురుతుందని నమ్మడమెలా? ఏవైనా రెండు అంశాలను పట్టుకుని, వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్న ఒక్క ప్రశ్నే అడగండి. రెండూ ఉన్న ముక్కను తిరగేస్తే వాటి ముందువెనకలు తారుమారవుతాయి. ఒకటి ముక్కలో ఉండి ఇంకోటి బయట ఉంటే వాటి మధ్య ఏమీ మారదు. ఇంతే గుర్తుంచుకోవాల్సింది. ఆది, మంగళ రెండూ మొదటి భాగంలోవే. మొదటి తిరగేతలో ఒకసారి తారుమారయ్యాయి, చివరి తిరగేతలో ఇంకోసారి. రెండుసార్లు తారుమారైతే మళ్లీ మొదటికే. అందుకే ఆది మంగళకు ముందే ఉంది. రెండో భాగంలోని ఏ జంటకైనా ఇదే లెక్క. మరి ఆది, గురు? అవి వేర్వేరు భాగాల్లోవి. మొదటి రెండు తిరగేతలూ వాటి మధ్య వరసను తాకవు, చివరిది మాత్రమే తాకుతుంది. ఒక్కసారే తారుమారు, కాబట్టి గురు ముందుకొచ్చింది. అంటే ఒకే భాగంలోని ప్రతి జంటా పాత వరసలోనే ఉంటుంది, వేర్వేరు భాగాల్లోని ప్రతి జంటా తిరగబడుతుంది. రెండో భాగం మొదటి భాగానికి ముందుకు వచ్చిందనీ, లోపలి వరసలు చెడలేదనీ చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అర్రే ఎంత పెద్దదైనా, ఎక్కడ కోసినా ఈ వాదనలో ఒక్క మాటా మారదు.

లెక్కలో చూస్తేనే తృప్తిపడేవాళ్లకు ఇంకో దారి. గడులను 0 నుంచి లెక్కపెడదాం, మొత్తం n, జరపాల్సినవి k. మొదటి భాగంలో i దగ్గరున్నది మొదటి తిరగేతతో k−1−i కు వెళ్తుంది, చివరిదానితో n−1−(k−1−i), అంటే n−k+i కు. రెండో భాగంలోనిది ముందు n−1+k−i కు వెళ్లి, చివరికి i−k దగ్గర ఆగుతుంది. ఎడమకు k గడులు జరగడమంటే అదే.

బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన డగ్ మెకిల్‌రాయ్ దీన్ని చేతులతో చూపించేవాడు. రెండు అరచేతులూ మీవైపు తిప్పి, ఎడమచేతిని కుడిచేతి పైన, బొటనవేళ్లు పైకి ఉండేలా పెట్టండి. పై నుంచి కిందికి పది వేళ్లు, పది గడులు. ఎడమచేతిని తిరగేయండి, కుడిచేతిని తిరగేయండి, ఇప్పుడు రెండింటినీ జంటగా తిరగేయండి. కుడిచేయి పైకొస్తుంది, బొటనవేళ్లు మళ్లీ పైనే ఉంటాయి.

ఈ చేతుల బొమ్మను జాన్ బెంట్లీ 1986లో వచ్చిన తన ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ పుస్తకంలో వేశాడు. `ed` కోసం ఈ తిరగేత కోడ్‌ను థాంప్సన్ 1971లో రాశాడనీ, అప్పటికే అది ప్రోగ్రామర్ల నోట నలుగుతున్న ఉపాయమేనని ఆయనే అన్నాడనీ అందులో ఉంది. కెర్నిగన్, ప్లాగర్ 1981లో తమ పుస్తకంలోని ఎడిటర్‌కూ దీన్నే వాడారు. వాళ్ల కోడ్ నడిపిన మొదటిసారే సరిగ్గా పనిచేసిందట. అలాంటి పనికే అంతకుముందు లింక్డ్ లిస్ట్‌లతో రాసినదానిలో చాలా తప్పులు దొర్లాయట.

నా మటుకు ఈ ఉపాయం విలువంతా ఆ మాటలోనే ఉంది. ఎందుకంటే కదలికల లెక్క చూస్తే ఇది అన్నింట్లోకీ పొదుపైనది కాదు. ప్రతి అంశమూ దాదాపు రెండుసార్లు కదులుతుంది. ఒక్కసారే కదిలించే పద్ధతి వేరే ఉంది. మొదటి గడిలోనిది తీసి పట్టుకుని, ఆ ఖాళీలోకి k గడుల అవతలిదాన్ని తేవాలి, ఆ ఖాళీలోకి ఇంకో k అవతలిదాన్ని, అలా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చాక చేతిలోది అక్కడ పెట్టాలి. వినడానికి బాగుంది. ఏడు అంశాలను మూడు గడులు జరిపితే ఒక్క చుట్టుతో పని పూర్తవుతుంది కూడా. కానీ ఆరింటిని రెండు గడులు జరపండి: 0, 2, 4 తాకి మళ్లీ 0 కే వచ్చేస్తాం. 1, 3, 5 కదలనే లేదు. ఎన్ని చుట్లు కావాలో n, k ల గరిష్ఠ సామాన్య భాజకం చెబుతుంది, ఇక్కడ 2. ఇది తెలియక రాసిన ప్రోగ్రామ్‌ను ఏడుతోనో పదకొండుతోనో పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే వస్తాయి. అవి ప్రధాన సంఖ్యలు కదా, తప్పు దాక్కునే చోటే అది. పరీక్షించేవారు ఆరూ రెండూ, పన్నెండూ ఎనిమిదీ తప్పక వేయాలి. పైగా ఆ గెంతులు పెద్ద అర్రేలో మెమరీ నలుమూలలా పడతాయి. ప్రాసెసర్‌కు పక్కపక్క గడులు చదవడం చవక, దూరపు గెంతులు ఖరీదు. తిరగేత రెండు కొసల నుంచీ వరసగా నడుస్తుంది కాబట్టి, రెండింతలు కదిలించినా చాలాసార్లు వెనకబడదు. జావాలోని `Collections.rotate` రెండింటినీ ఉంచుకుంది: ఏ గడికైనా నేరుగా వెళ్లగలిగే జాబితాలకూ, నూరుకు లోపు చిన్నవాటికీ గెంతులు, మిగతావాటికి మూడు తిరగేతలు.

పైథాన్‌లో రాస్తే ఇంతే:

```python
def reverse(a, i, j):
    while i < j:
        a[i], a[j] = a[j], a[i]
        i += 1
        j -= 1

def rotate_left(a, k):
    n = len(a)
    if n == 0:
        return
    k %= n
    reverse(a, 0, k - 1)
    reverse(a, k, n - 1)
    reverse(a, 0, n - 1)
```

ఇందులో జారిపడే చోట్లు తిరగేతలో కాదు, దాని చుట్టూ ఉంటాయి. ఏడు అంశాల అర్రేను పది గడులు జరపమంటే అది మూడు జరపడమే, అందుకే `k %= n`. ఆ పంక్తి మరిస్తే అర్రే హద్దు దాటిపోతాం. ఖాళీ అర్రే వస్తే సున్నాతో భాగించాల్సి వస్తుంది కనుక దాన్ని ముందే పంపేయాలి. సీ భాషలో రాసేవారు k రుణ సంఖ్య అయితే శేషమూ రుణంగా రావచ్చని గుర్తుంచుకోవాలి, పైథాన్‌లో ఆ బెడద లేదు. కుడికి జరపాలంటే కోడ్ మార్చక్కర్లేదు, కుడికి k అంటే ఎడమకు n−k. పైథాన్‌లో మాత్రం ఇంకో ఉచ్చుంది. ఫంక్షన్‌లో `a = a[k:] + a[:k]` అని ఒక్క పంక్తిలో తేల్చేస్తే కొత్త జాబితా పుడుతుంది. పిలిచినవారి దగ్గరున్న పాత జాబితా చెక్కు చెదరదు, పైగా అదనపు చోటు వాడినట్టే.

తెలుగు పాఠం మీద దీన్ని ప్రయోగిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిసి ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. ఈ బైట్ల అర్రేను ఆరు గడులు జరిపితే ‘లుగుతె’ చక్కగా వస్తుంది. తమాషా ఏమిటంటే, మధ్యలో బైట్లన్నీ తలకిందులై ఏ అక్షరమూ కాని చెత్తగా ఉంటాయి. అయినా ఒక్కో అక్షరంలోని మూడు బైట్లూ ఒకే భాగంలోవి కాబట్టి రెండోసారి తిరగబడి తమ వరసకు వచ్చేస్తాయి. కాకపోతే ఆ మధ్య క్షణంలో ఇంకో థ్రెడ్ ఈ అర్రేను చదివితే దాని కంట పడేది ఆ చెత్తే, కాబట్టి పని పూర్తయ్యేదాకా తాళం వేసి ఉంచాలి. కోత మాత్రం సరైన చోట పడాలి. నాలుగు బైట్ల దగ్గర కోస్తే ఒక సంకేతం రెండు ముక్కలై తెర మీద ప్రశ్నార్థకపు డబ్బాలు కనిపిస్తాయి. మూడు బైట్ల దగ్గర కోస్తే సంకేతాలు చెడవు గానీ, ఎత్వం తన ‘త’ను వదిలేసి మాట మొదట ఒంటరిగా నిలబడుతుంది.