డ్రిల్ మిషన్ బ్యాటరీ ఎంత వేడెక్కుతుంది?

స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన, విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న లైన్‌ఫెల్డెన్‌లో బాష్ కంపెనీ పవర్ టూల్స్ విభాగం ఉంది. 2003లో అక్కడివాళ్లు ఇక్సో అనే చిన్న స్క్రూడ్రైవర్‌ను మార్కెట్లోకి తెచ్చారు. లిథియం అయాన్ బ్యాటరీతో వచ్చిన తొలి పవర్ టూల్ అదే. పిడిలో ఉన్నది ఒకే ఒక్క స్థూపాకార సెల్. తక్కువ కరెంటు, తక్కువ పని కాబట్టి వేడి గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అదే రసాయనాన్ని 18 వోల్టుల డ్రిల్ మిషన్లలోకి తెచ్చేసరికి లెక్క మారింది.

ఆ లెక్కను ఒక్క సెల్‌తో వేసి చూద్దాం. దీని వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు, బరువు 45 గ్రాములు, సామర్థ్యం 2 ఆంపియర్ అవర్లు. అంతర్గత నిరోధం 20 మిల్లీఓమ్‌లు అనుకుందాం. దాన్ని కొలవడం కష్టమేమీ కాదు: 10 ఆంపియర్లు లాగిన క్షణాన వోల్టేజీ 0.2 వోల్టులు పడిపోతే నిరోధం అంతేనన్నమాట. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సెల్ లోపల పుట్టే వేడి వస్తుంది. ఇక్కడ అది 2 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలై 8 వాట్లవుతుంది. మొద్దుబారిన బిట్‌తో కాంక్రీటు తొలిచేవాళ్ల బ్యాటరీ త్వరగా పాడయ్యేది ఇందుకే.

ఈ 2 వాట్లు బయటికి పోవాలి. సెల్ పక్కభాగం వైశాల్యం దాదాపు 37 చదరపు సెంటీమీటర్లు. కదలని గాలి ఒక్కో చదరపు మీటరు నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 10 వాట్లు తీసుకుపోతుంది. భాగిస్తే సెల్ చుట్టూ ఉన్న గాలి కంటే 54 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. ఫ్యాన్ పెట్టి ఆ 10ని 30 చేస్తే 18 డిగ్రీలు చాలు.

54 అంటే భయమేస్తుంది కానీ, అది స్థిరస్థితి సంఖ్య. అక్కడికి చేరడానికి సమయం పడుతుంది. ఈ సెల్‌ను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 40 జౌళ్లు కావాలి. దాన్నిబట్టి కాల స్థిరాంకం కదలని గాలిలో 18 నిమిషాలు, ఫ్యాన్ గాలిలో 6 నిమిషాలు. ఒక్క కాల స్థిరాంకం గడిచేసరికి చివరి పెరుగుదలలో 63 శాతమే వస్తుంది. పైగా 10 ఆంపియర్లు లాగితే 2 ఆంపియర్ అవర్ల సెల్ 12 నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది. అప్పటికి పెరిగేది 26 డిగ్రీలే. అసలు గాలే తగలకుండా పూర్తిగా చుట్టేసినా 36 డిగ్రీలు దాటదు. ఆ కాసేపూ సెల్‌ను కాపాడేది గాలి కంటే ఎక్కువగా దాని సొంత బరువే.

స్టుట్‌గార్ట్‌లో 25 డిగ్రీల రోజున ఆ 26 కలిస్తే 51 అవుతుంది, ఇబ్బంది లేదు. అదే సెల్‌ను మే నెలలో 42 డిగ్రీల విజయవాడకు తెద్దాం. డిశ్చార్జికి చాలా సెల్‌ల డేటాషీట్లు పెట్టే హద్దు 60 డిగ్రీలు, అంటే ఇక్కడ మిగిలిన అవకాశం 18 డిగ్రీలే. అది ఏడు నిమిషాల్లో అయిపోతుంది. రక్షణ సర్క్యూట్ డ్రిల్‌ను ఆపేసే సమయానికి ఛార్జి ఇంకా 40 శాతం దాకా ఉంటుంది. మేస్త్రీ బ్యాటరీ పోయిందనుకుంటాడు.

ఇక చార్జర్‌లో పెడితే అది మొరాయిస్తుంది. 45 డిగ్రీల పైన ఛార్జి చేయకూడదన్నది మామూలు హద్దు. 60 నుంచి 45కి దిగడమంటే గాలితో తేడా 18 నుంచి 3 డిగ్రీలకు తగ్గడం. కదలని గాలిలో అందుకు 32 నిమిషాలు కావాలి, ఫ్యాన్ ఉంటే 11 చాలు. గాలి అసలు విలువ తెలిసేది ఇక్కడే. స్టుట్‌గార్ట్ దగ్గర్లోని వెండ్లింగెన్‌లో ఉన్న ఫెస్టూల్ కంపెనీ తన చార్జర్లలో ఫ్యాన్ పెట్టి బ్యాటరీని చల్లబరచడం నాకు తెలివైన పనిగా తోస్తుంది.

ఇంతవరకూ సెల్ అంతా ఒకే వేడిలో ఉందనుకున్నాం. నిజానికి లోపల రేకుల చుట్ట అడ్డంగా వేడిని సరిగా పోనివ్వదు. దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 1 వాట్ అయితే నడిబొడ్డు ఉపరితలం కంటే రెండున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. కొన్ని కొలతల్లో వచ్చినట్టు 0.2 అయితే ఆ తేడా 12 డిగ్రీలు. పైన అంటించిన సెన్సర్‌కు ఇది కనబడదు. ఫ్యాన్ ఎంత బలంగా కొట్టినా ఈ తేడా తగ్గదు కూడా, ఎందుకంటే ఇది గాలిమీద కాక పుట్టే వేడిమీద ఆధారపడుతుంది.

పైగా ప్యాక్‌లో ఐదో పదో సెల్‌లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యలో ఇరుక్కున్నదానికి గాలి సరిగా తగలదు. బాష్ కూల్‌ప్యాక్ పేరుతో చేసింది దీనికి ఉపాయమే: సెల్‌ల వేడిని ప్యాక్ పెంకు వరకూ చేరవేసే ఏర్పాటు పెట్టింది. మన ప్యాక్ సంగతి తెలియాలంటే పని ఆపాక మధ్య సెల్ మీది ఉష్ణోగ్రతను నిమిషానికోసారి రాసుకుంటే చాలు. గాలితో ఉన్న తేడా 37 శాతానికి పడిపోవడానికి పట్టిన సమయమే దాని కాల స్థిరాంకం. ఒంటరి సెల్‌కు మనం లెక్కగట్టిన 18 నిమిషాల కంటే అది చాలా ఎక్కువ వస్తే, మధ్య సెల్‌కు ఊపిరి ఆడటం లేదని అర్థం.