తప్పులు చివర్లో చూద్దాం

ఫ్రెంచిలో బీ1 స్థాయికి చేరిన విద్యార్థికి వ్యాకరణం చాలావరకు తెలుసు. కాగితం మీద రాయమంటే రాస్తాడు. నోరు తెరిచి నిన్న జరిగిందేదో చెప్పమంటే మాత్రం నాలుగో వాక్యానికల్లా ఒక క్రియ తప్పుతుంది. టీచరు అక్కడే ఆపి దిద్దితే క్రియ సరవుతుంది, చెప్పబోయే సంగతి మాత్రం చెదిరిపోతుంది. రెండు మూడుసార్లు అలా జరిగాక అతను తప్పు రాని పొట్టి వాక్యాలతోనే సరిపెట్టుకుంటాడు. కష్టమైన వాక్యం జోలికి పోడు కనుక అతనికి ఏది రాదో టీచరుకూ తెలియదు.

అందుకే ఈ స్థాయిలో చాలామంది టీచర్లు సంభాషణ సాగుతున్నంతసేపూ దిద్దరు, తప్పులు రాసుకుని చివర్లో చూపిస్తారు. డెల్ఫ్ బీ1 మౌఖిక పరీక్షా అలాగే ఉంటుంది. సుమారు పావుగంట సాగే ఆ పరీక్షలో మూడు భాగాలున్నా, ముందుగా ఆలోచించుకోవడానికి పది నిమిషాలు ఇచ్చేది చివరి భాగానికే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తప్పులు దిద్దరు. తడబడ్డా తేరుకుని ముందుకు సాగడం అభ్యర్థి పనే.

ఇందులో అసలు పని టీచరు చేతిలోని కాగితానిది. హైదరాబాదు కుర్రాడొకడు రైలు తప్పిపోయిన కథ చెబుతున్నాడనుకుందాం. స్టేషన్‌కి వెళ్ళానని చెప్పడానికి 'జే అలే ఆ లా గార్' అన్నాడు. ఇక్కడ సహాయక క్రియ తప్పింది, 'జ సుయిజ్ అలే' అనాలి. తర్వాత 'కాన్ జారివే, ల ట్రాఁ పార్తే' అన్నాడు. రెండు గంటలు ఎదురుచూశానని చెబుతూ 'పూర్ దోజెర్' అన్నాడు, అక్కడ కావలసింది 'పాఁదాఁ దోజెర్'. టీచరు వీటిని అన్నవి అన్నట్టే రాసుకోవాలి. 'భూతకాలం తప్పు' అని క్లుప్తంగా రాసుకుంటే పది నిమిషాల తర్వాత ఆ ముక్క ఎవరికీ పనికిరాదు. తానేమన్నాడో కుర్రాడికి గుర్తుండదు మరి.

రాసుకున్నవన్నీ చూపించకూడదు. నా లెక్కలో మూడు చాలు, అవీ ఏరి తీసుకోవాలి. ఇదే కుర్రాడు కాసేపటి క్రితం 'జ సుయి వెన్యు' అని సరిగ్గానే అన్నాడు. వచ్చానని చెప్పడానికి సరైన సహాయక క్రియ వాడాడంటే నియమం తెలుసు, 'అలే' దగ్గర నోరు జారింది. దాన్ని ఊరికే చూపిస్తే తనే సరిచేసుకుంటాడు. రైలు వాక్యం సంగతి వేరు. అలాంటి వాక్యం కథలో మూడుచోట్ల అలాగే చెప్పాడు. ఫ్రెంచివాళ్ళ చెవికి అది 'నేను ఎప్పుడు వెళ్ళినా రైలు బయల్దేరేది' అన్నట్టు వినబడుతుంది. తెలుగులో 'నేను వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది' అంటే చాలు, ముందు జరిగినదేదో తెలిసిపోతుంది. ఫ్రెంచిలో ముందు జరిగినదానికి వేరే రూపం ఉంది: 'కాన్ జ సుయిజారివే, ల ట్రాఁ ఎతె దెజా పార్తి'. సమయమంతా దీనికే ఇవ్వాలి.

ఎలా ఇవ్వాలన్నదీ ముఖ్యమే. సరైన రూపాన్ని టీచరు చదివి వినిపిస్తే కుర్రాడు తలూపుతాడు, అంతే. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివే పిల్లల తరగతులను పరిశీలించి లీస్టర్, రాంటా 1997లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందీ ఇలాంటిదే. టీచర్లు ఎక్కువగా చేసిన పని పిల్లల వాక్యాన్ని సరిచేసి తిరిగి పలకడం. దానికి పిల్లల స్పందన మాత్రం తక్కువ. అందుకే తప్పు వాక్యాన్ని ముందు పెట్టి 'రైలు ముందు వెళ్ళిందా, నువ్వు ముందు వెళ్ళావా?' అని అడగాలి. జవాబు కుర్రాడి నోటి నుంచే రావాలి. ఆ తర్వాత కథంతా మొదటి నుంచీ మళ్ళీ చెప్పించాలి. సమయం చాలదని ఎక్కువమంది వదిలేసేది ఈ రెండో విడతనే. అది లేకపోతే చివర్లో దిద్దడం ఉత్త మర్యాదగా మిగిలిపోతుంది.

ఈ పద్ధతి ఉచ్చారణ దగ్గర బలహీనం. వీధిని సూచించే 'ర్యూ', చక్రాన్ని సూచించే 'రూ' మధ్య ఉన్న అచ్చు తేడా మనకు లేదు. మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుట్టి 'ఈ' పలకాలి. కాగితం మీద రాసుకున్న గుర్తుతో ఆ తేడా పట్టుబడదు. సంభాషణను ఫోనులో రికార్డు చేసి ఆ ముక్క వినిపించాలి. ఇక చెప్పేది అసలే అర్థం కాకపోతే చివరిదాకా ఆగడం అనవసరం. వీధి గురించి మాట్లాడుతున్నాడో చక్రం గురించో తెలియనప్పుడు స్నేహితుడైనా 'ఏమన్నావు?' అని అడుగుతాడు, టీచరూ అలాగే అడగొచ్చు. వ్యాకరణ పాఠం మాత్రం అప్పుడు మొదలుపెట్టకూడదు.

పాత కాగితాన్ని పారేయకుండా, వారం తర్వాత బస్సు తప్పిపోయిన కథో, దుకాణం మూసేశాక వెళ్ళిన కథో చెప్పించి చూస్తే 'ఎతె దెజా' నోట్లో నిలిచిందో లేదో తెలుస్తుంది. నిలవకపోతే ఆ రోజు కొత్త తప్పులు ఏరనక్కర్లేదు.