‘లెక్క సరి’ అని రాస్తే లెక్క తప్పుతుంది

“సగం డబ్బు ముట్టిందని రాసిస్తే మిగతా సగం పోయినట్టే.” బేతంచర్లలో నాపరాయి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల దగ్గర, కర్నూలు లారీ ఆఫీసుల ముందు ఈ మాట వినని నెల లేదు నాకు. చెప్పేవాళ్లలో చట్టం పుస్తకం తెరిచినవాళ్లు ఒక్కరూ లేరు గానీ, ధీమా మాత్రం వకీలుకు తక్కువ కాదు. ఇది నమ్మిన వ్యాపారి బిల్లు మీద కొంత డబ్బు వస్తే ఏమీ రాయడు. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటాడు. ఏడాది తిరిగేసరికి రాయి కొన్న ఆసామి “మధ్యలో చేతికి నగదు కూడా ఇచ్చినా కదన్నా, నువ్వే మరిచిపోయినావు” అంటాడు. అప్పుడు ఇద్దరూ నా దగ్గరికి వస్తారు, లెక్క తేల్చమని. రాసిన కాగితమే లేనిచోట తేల్చడానికి నా దగ్గర ఏముంటుంది, సోదె చెప్పే విద్యా?

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఒకాయన రసీదు రాసిచ్చి కోర్టులో బాకీ పోగొట్టుకున్నాడని కథ. నిజానికి ఆయన కోర్టు మెట్లే ఎక్కలేదు. ఆయన వకీలు రసీదు చూసి, ఎంతోకొంత తగ్గించుకుని రాజీ పడమన్నాడు. ఆ రసీదు నేనూ చూశాను. అంగట్లో దొరికే అచ్చు పుస్తకంలోని కాగితమే. అందులో “బిల్లు నెం. … తాలూకు పూర్తి / పాక్షిక చెల్లింపు కింద” అని ఒక వరుస ఉంటుంది. రెండు మాటల్లో ఒకటి కొట్టేయాలి. ఆయన ఏదీ కొట్టేయలేదు. పైగా కింద తన చేత్తో “లెక్క సరి” అని రాసి సంతకం పెట్టాడు. ఆయన ఉద్దేశంలో అది నోట్లు ఎంచి చూసుకున్నాను, సరిపోయాయి అని. చదివేవాడికి మాత్రం ఖాతా తీరిపోయింది అని. ఆయన్ను ముంచింది ఆ రెండు మాటలు. రసీదు కాదు.

ముట్టడం వేరు, చెల్లిపోవడం వేరు. రసీదు చెప్పేది ఫలానా రోజున ఫలానా మొత్తం చేతికి వచ్చిందనే. మిగతాది వదులుకున్నామన్న మాట అందులో మనం పెడితే తప్ప దానంతట అది వచ్చి కూర్చోదు. తాతల కాలం నుంచి ప్రోనోటు వెనక జమ రాస్తున్నారు కదా, ఐదువేలు జమ రాసినందుకు లక్ష నోటు చెల్లిపోయిందని ఏ ఊళ్లోనైనా అన్నారా? నోటు దగ్గర ఇంత తెలివిగా ఉండేవాళ్లకు జీఎస్టీ బిల్లు కనబడేసరికి ఏమవుతుందో నాకు అర్థం కాదు.

సరే, ఎలా రాయాలో ఒక లెక్క పెట్టుకుని చూద్దాం. 38వ నంబరు బిల్లు, తేదీ 10 మే 2025, పన్నుతో కలిపి 4,72,000 రూపాయలు, గడువు 45 రోజులు. అంటే జూన్ 24తో గడువు ముగిసింది. జూలై 3న బ్యాంకులో 2,50,000 పడింది. పద్నాలుగు వేల రూపాయల రాళ్లు దారిలో పగిలాయని, ఆ మేరకు తగ్గించుకోమని అవతలివాళ్లు ఫోన్‌లో అన్నారు. ఆ రోజే ఇలా రాసి పంపాలి:

“మా బిల్లు నెం. 38, తేదీ 10-05-2025, మొత్తం రూ. 4,72,000. ఈ బిల్లు కింద మీరు 03-07-2025న బ్యాంకు ద్వారా పంపిన రూ. 2,50,000 ముట్టింది. దీన్ని పాక్షిక చెల్లింపుగా జమ చేసుకున్నాం. ఈ బిల్లు మీద ఇంకా రావలసిన బాకీ రూ. 2,22,000. పగిలిన రాళ్లకని మీరు తగ్గించమన్న రూ. 14,000కు మేం ఒప్పుకోలేదు, అది ఈ బాకీలో కలిసే ఉంది. బిల్లు గడువు 24-06-2025తో ముగిసింది కాబట్టి బాకీ వెంటనే పంపగలరు.”

ఇంతే. కింద సంతకం, తేదీ. అందులో ‘పూర్తి’, ‘క్లియర్’, ‘సెటిల్’, ‘ఓకే’ లాంటి మాటలు ఎక్కడా లేవని గమనించండి. థ్యాంక్స్ చెప్పాలనిపిస్తే చెప్పుకోండి, “బిల్లు ఓకే” అని మాత్రం అనకండి. బిల్లు కాపీ మీద ‘పెయిడ్’ ముద్ర గుద్దే అలవాటు ఉంటే, బాకీ మొత్తం వచ్చేదాకా ఆ ముద్రను బీరువాలో పెట్టి తాళం వేయండి. చెక్కు వస్తే “చెక్కు పాసైన తర్వాతే జమ” అని ఒక వాక్యం చేర్చండి, ఎందుకంటే చెక్కు ముట్టడం డబ్బు ముట్టడం కాదు.

బిల్లు నంబరు ఎందుకు రాయాలని అడిగేవాళ్లుంటారు. ఒకే ఆసామి నుంచి మూడు బిల్లుల బాకీ ఉన్నప్పుడు తెలుస్తుంది ఎందుకో. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59, 60, 61 సెక్షన్లు ఈ సంగతే చెబుతాయి. ఫలానా బిల్లుకని కట్టేవాడు చెప్పి కడితే, ఆ డబ్బు తీసుకున్నవాడు దానికే జమ చేయాలి. ఏమీ చెప్పకపోతే, పరిస్థితిని బట్టి కూడా ఏ బిల్లుకో తెలియకపోతే, ఏ బాకీకి జమ చేసుకోవాలన్నది అమ్మినవాడి ఇష్టం. కాలదోషం పట్టిన పాత బాకీకి కూడా చేసుకోవచ్చు. ఇద్దరూ ఏమీ అనకపోతే పాత బాకీ ముందు తీరుతుంది. ఇష్టం మనదైనప్పుడు దాన్ని కాగితం మీద పెట్టకుండా మనసులో దాచుకోవడం ఏం వ్యాపారమో!

ఇక పుకారులో ఉన్న నిజం సంగతి. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు గానీ, గోరంత ఉంది. అదే చట్టం 63వ సెక్షన్ ప్రకారం రావలసినదానికన్నా తక్కువ తీసుకుని మొత్తం తీరిందని ఒప్పుకుంటే, మొత్తం తీరినట్టే. ఐదువేల బాకీకి రెండువేలు తీసుకుని సరిపెట్టుకుంటే బాకీ అంతా పోతుందని ఆ సెక్షన్ కింద ఉదాహరణే ఇచ్చారు. ఇంగ్లండు పాత న్యాయంలో ఇలా కాదు, మిగతాది వదులుకోవడానికి బదులు ఏదైనా ముట్టి ఉండాలి. మన దగ్గర ఆ రక్షణ లేదు.

ఆ ఒప్పుకోలు నోటితోనే జరగనక్కర్లేదు. 2006లో సుప్రీంకోర్టు ‘భగవతీ ప్రసాద్ పవన్ కుమార్’ కేసులో తేల్చింది ఇదే. సరుకు అందలేదన్న క్లెయిమ్‌కు రైల్వే తక్కువ మొత్తానికి చెక్కులు పంపి, ఒప్పుకోకపోతే చెక్కులు తిప్పి పంపండి, ఉంచుకుంటే మొత్తం తీరినట్టే అని ఉత్తరం రాసింది. వ్యాపారి చెక్కులు మార్చుకున్నాడు. అభ్యంతరం ఉందన్నాడు గానీ, మార్చుకోకముందే దాన్ని తెలిపినట్టు రుజువు లేకపోయింది. మార్చుకోవడమే ఒప్పుకోవడమని కోర్టు అంది. కాబట్టి ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న మాటతో చెక్కు వస్తే బ్యాంకుకు పరిగెత్తకండి. ఇది పాక్షికంగానే తీసుకుంటాం, కుదరకపోతే చెప్పండి అని ముందు రాసి, జవాబు చూసుకుని ఆ తర్వాత వేయండి. వాళ్లు కాదంటే తిప్పి పంపడమే దారి. బ్యాంకు ఖాతాలో నేరుగా పడిన డబ్బును మనం ఆపలేం. అలాంటప్పుడు కనబడిన రోజే, నెలాఖరుకు లెక్కలు చూసేటప్పుడు కాదు, పైన రాసినట్టు ఉత్తరం వెళ్లాలి.

పుకారు నమ్మనివాళ్లలో ఇంకో భ్రమ ఉంది. నేను రసీదు ఇచ్చాను కాబట్టి బాకీకి మళ్లీ మూడేళ్ల గడువు వచ్చిందంటారు. రాదు. గడువు పెట్టి అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికి ఆ గడువు ముగిసిన రోజు నుంచి మూడేళ్లు ఉంటుంది. మన 38వ బిల్లుకు అది 2028 జూన్‌తో అయిపోతుంది. మధ్యలో, అంటే 2027 ఫిబ్రవరిలో, ఇంకో యాభై వేలు వచ్చాయనుకోండి. 1963 నాటి కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ కింద కొత్త మూడేళ్లు ఆ రోజు నుంచి మొదలవుతాయి, కానీ ఒక షరతు మీద. ఆ చెల్లింపు సంగతి డబ్బు కట్టినవాడి చేతిరాతలోనో, అతని సంతకం ఉన్న కాగితంలోనో ఉండాలి. తీసుకున్నవాడి సంతకం ఎన్నిసార్లు పెట్టినా దీనికి పనికిరాదు. అప్పు తీసుకున్నవాడి చేత ప్రోనోటు వెనక సంతకం పెట్టించేది అందుకే. రసీదు రెండు ప్రతులు రాయండి. మన ప్రతి మీద “రూ. 50,000 కట్టాను, బాకీ రూ. 1,72,000” అని అవతలాయన చేత రాయించి సంతకం తీసుకోండి. బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు కాబట్టి 18వ సెక్షన్ బలం కూడా దొరుకుతుంది. అయితే ఇదంతా పాత మూడేళ్లు దాటకముందే జరగాలి.

చిల్లర అపోహలు కొన్ని మిగిలాయి. రెవెన్యూ స్టాంపు లేని రసీదు చిత్తు కాగితమంటారు. ఐదువేలు దాటితే రూపాయి స్టాంపు అంటించాలన్నది నిజమే గానీ, అంటించకుండా ఇచ్చినాయనపై దాన్ని కోర్టులో చూపాలంటే కట్టవలసిన జరిమానా కూడా రూపాయే. రసీదు ఇంగ్లీషులోనే ఉండాలట, ఎవరు చెప్పారో ఆయన్నే అడగండి. వాట్సాప్‌లో రాసింది సాక్ష్యం కాదట. తగిన సర్టిఫికెట్ జతచేస్తే అవుతుంది, కాకపోతే అందులో బొటనవేలు బొమ్మ కాకుండా అంకెలు ఉండాలి.

చివరగా, బీరువాలో ఉంచుకునే జామీను చెక్కు. సరుకు పంపేటప్పుడే 4,72,000కు సంతకం చేసిన చెక్కు ఒకటి తీసుకుంటారు మనవాళ్లు. రెండున్నర లక్షలు ముట్టాక, మిగతాది రావట్లేదన్న కోపంతో అదే చెక్కు అంతే మొత్తానికి బ్యాంకులో వేస్తారు. అది తిరిగొస్తుంది, కేసు పెడతారు. 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు దీని మీదే తీర్పు ఇచ్చింది. మధ్యలో ముట్టిన సొమ్మును చెక్కు మీద నమోదు చేయకుండా మొత్తానికి వేస్తే, ఆ రోజుకు ఆ మొత్తం నిజమైన బాకీ కాదు కాబట్టి చెక్కు బౌన్సు నేరం నిలబడదని. చెక్కు వెనక జమ రాయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. నేనైతే పాత చెక్కు తిరిగి ఇచ్చేసి 2,22,000కు కొత్తది రాయించుకోమంటాను. ఆయన కొత్తది రాయనంటే, బాకీ ఎంతో చెప్పే ఆ ఉత్తరం మీదైనా సంతకం పెట్టించుకోకుండా పాత చెక్కు చేతికి ఇవ్వకండి.