సొరుగులో పాత ఛార్జర్లు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పాత ఛార్జర్ కొత్త ఫోన్‌కు పనికొస్తుందా లేదా అన్నది దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. సన్నటి అక్షరాల్లో 'అవుట్‌పుట్' అన్న వరుస చూడండి. అక్కడ 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే, రెండూ గుణిస్తే 10 వాట్లు. యూఎస్‌బీ ఛార్జింగ్ మొదలయ్యేది 5 వోల్టులతోనే. కాబట్టి అది కొత్త ఫోన్‌ను పాడుచేయదు, నిదానంగా ఎక్కిస్తుందంతే. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి సుమారు రెండున్నర, మూడు గంటలు పడుతుంది. రాత్రిపూట పెట్టుకోవడానికి అది చాలు.

ఇయర్‌బడ్స్, ట్రిమ్మర్లకు ఈ పాత ఛార్జరే నయం. కొన్ని చవక పరికరాలకు టైప్-సి రంధ్రం ఉన్నా, రెండు కొసలా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ ఎక్కవు. తనకు కరెంటు కావాలని ఛార్జర్‌కు తెలిపే చిన్న రెసిస్టర్లు వాటిలో ఉండవు. పాత వెడల్పాటి యూఎస్‌బీ ఛార్జర్ ఆ సంకేతం కోసం ఆగదు, నేరుగా 5 వోల్టులు ఇస్తుంది.

గుండ్రటి పిన్ను ఛార్జర్లతో మాత్రం జాగ్రత్త. 9 వోల్టులదీ, 12 వోల్టులదీ ఒకే రంధ్రంలో పట్టవచ్చు. ఏ పరికరానిదో తెలియకపోతే వాడొద్దు.

పెట్టె పగిలినా, పిన్నులు వదులైనా, ఊపితే లోపల గలగలమన్నా, కాలిన వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఆ ఛార్జర్ పని అయిపోయినట్టే. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.