మూతలేని డబ్బాలు

రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి మా చెల్లెలి ఇంట్లో హాలు దాటాలంటే తొక్కుడుబిళ్ల ఆడినట్టు గెంతుకుంటూ వెళ్లాలి. చీకట్లో ప్లాస్టిక్ బ్లాకు అరికాలి కింద పడితే ఎలా ఉంటుందో పిల్లలున్న ఇళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. వాళ్లది రెండు పడకగదుల అద్దె ఫ్లాటు. కొడుక్కి నాలుగున్నరేళ్లు, కూతురికి ఏడాదిన్నర. పిల్లల గదంటూ ఒకటుంది. అందులో బొమ్మల కోసమే కొన్న అలమర, దాన్నిండా మూతలున్న డబ్బాలు కూడా ఉన్నాయి. అయినా బొమ్మలన్నీ హాల్లోనే. ఆ వయసు పిల్లలు అమ్మ కనిపించేచోటే ఆడతారు. ఆ ఇంట్లో వంటగట్టు దగ్గర నిలబడితే కనిపించేది హాలు మాత్రమే.

“రోజూ అరగంట వంగి లేవడమే అక్కా. వీడు ఒక్కటి తీసి పెట్టడు” అంది చెల్లెలు. మర్నాడు రాత్రి నేను ఓపిగ్గా నేలమీదున్నవన్నీ లెక్కపెట్టాను. బ్లాకులు 80, చిన్నకార్లు 22, లక్కపిడతల సెట్టు ముక్కలు 18, మెత్తబొమ్మలు 12, పుస్తకాలు 8. మొత్తం 140. ఆ తర్వాత ఒక కారు తన చోటికి చేరాలంటే ఏమేం చేయాలో చూశాను. గదిలోకి నడవాలి. అలమర తలుపు తీయాలి. డబ్బా బయటికి లాగాలి. మూత తీయాలి. కారు వేయాలి. మూత పెట్టాలి. డబ్బా లోపలికి నెట్టాలి. తలుపు వేయాలి. అంటే ఎనిమిది పనులు. తీసి ఆడుకోవడానికైతే డబ్బా తెచ్చి బోర్లిస్తే సరిపోతుంది. నాలుగేళ్లవాడు తీయడానికి ముందుంటాడు గానీ పెట్టడానికి రాడంటే అది బద్ధకం కాదు, లెక్క.

అందుకే మేం ఆ ఎనిమిదిని ఒకటో రెండో చేయడం మీదే పడ్డాం. కొత్త సామానేమీ కొనలేదు. హాల్లో టీవీ యూనిట్ ఉంది కదా, ఐదున్నర అడుగుల పొడుగు. కింద నాలుగు అరలు, వాటికి తలుపులు. లోపల ఏముందని చూస్తే పాత సీడీలు, పనికిరాని చార్జర్లు, ఎప్పుడో ఎవరో ఇచ్చిన గాజు కప్పుల సెట్టు. వాటిని ఖాళీ చేశాం. కార్పెంటర్‌ని పిలిస్తే కబ్జాల మరలు విప్పి మూడు అరల తలుపులు పావుగంటలో తీసేశాడు. అద్దె ఇల్లు కాబట్టి ఆ తలుపుల్ని, మరల్ని ఒక గుడ్డలో చుట్టి అటక మీద పడేశాం. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు. నాలుగో అరలో సెట్‌టాప్ బాక్సు, రౌటరు, వాటి తీగలు ఉన్నాయి. దాని జోలికి పోలేదు. వేడెక్కే సామాను పక్కన మెత్తబొమ్మలు కుక్కడం మంచిది కాదు. పైగా ఏడాదిన్నర పిల్లకి తీగ దొరికిందంటే ఇక బొమ్మలతో పనుండదు.

డబ్బాల దగ్గర చాలామంది చేసే పొరపాటే మా చెల్లెలూ చేయబోయింది. అర ఎత్తు పన్నెండు అంగుళాలు కాబట్టి పదకొండు అంగుళాల టబ్బులు తెద్దామంది, చోటు వృథా కాకూడదని. కానీ అలా పట్టించేస్తే బొమ్మ వేసిన ప్రతిసారీ టబ్బును బయటికి లాగాలి. ఆరు అంగుళాల ఎత్తువి తెచ్చాం. పైన మిగిలిన ఆరు అంగుళాల సందులోంచి, టబ్బును కదపకుండానే, కారును లోపలికి విసిరేయొచ్చు. ఆ ఖాళీ వృథా కాదు, అది వాకిలి.

లోతు తక్కువుంటే ఇంకో లాభం ఉంది. లోతైన పెట్టెలో కావలసిన బొమ్మ ఎప్పుడూ అడుగునే ఉంటుంది. దాని కోసం పిల్లవాడు పెట్టె మొత్తం కుమ్మరిస్తాడు. పడుకోబోయే ముందు హాలు నిండా పరుచుకున్న బొమ్మల్లో చాలా వాటితో ఆ రోజు ఎవరూ ఆడి ఉండరు, అవి వెతుకులాటలో బయటపడ్డవి. నాకు తెలిసిన కొలత ఒక్కటే. చెయ్యి పెడితే పిల్లవాడి మోచేయి మునగకూడదు.

టబ్బులు మూడే. ఒకటి బండ్లకి, ఒకటి లక్కపిడతలకి, ఒకటి జంతువులకీ మెత్తబొమ్మలకీ. ఎర్రకార్లు వేరు, లారీలు వేరు అని విడదీస్తే పెద్దవాళ్లకి చూడముచ్చటగా ఉంటుంది గానీ ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఆలోచనే సమయం తినేది. ప్రతి టబ్బు ముందు లోపలి వస్తువు ఫొటో ఒకటి అంటించాం. వాడికి అక్షరాలు ఇంకా సరిగా రావు, చెల్లికి అసలు రావు. కానీ ఆ ఏడాదిన్నర పిల్ల కుక్క బొమ్మ చూసి కుక్కను తెచ్చి అందులో వేసింది.

ఇక 80 బ్లాకులు. వాటికి డబ్బాతో పనిలేదు. ఈ ఉపాయం కొత్తదేం కాదు, చాకలిమూటది. పాత నూలు దుప్పటిని నాలుగడుగుల చదరంగా కత్తిరించి, అంచులు కుట్టించాం. బ్లాకుల ఆట దాని మీదే. ఆట అయ్యాక నాలుగు చెంగులూ పట్టుకుని ఎత్తితే బ్లాకులన్నీ మధ్యలోకి జారతాయి. ఒక ముడి వేసి మూటతో సహా సోఫా పక్కనున్న గంపలో దించేయడమే. ఒక్కొక్కటీ ఏరితే ఆరేడు నిమిషాలు పట్టేది అరనిమిషంలో అయిపోతుంది. పాలిస్టరు బట్టయితే జారుతుంది, ముడి నిలవదు, నూలుదే మేలు. గంప కూడా చూసి కొనాలి. వెదురు గంప అందంగా ఉంటుంది గానీ లోపలి పేళ్లు పిల్లల వేళ్లకి గుచ్చుకుంటాయి. కొనేముందు లోపలంతా అరచేత్తో తడిమి చూడాలి. అడుగున నాలుగు రబ్బరు బిరడాలు అతికిస్తే రోజూ తడిగుడ్డ పెట్టే మన నేల మీద అడుగు నాని బూజు పట్టదు.

ఇంత చేసినా బొమ్మలు మరీ ఎక్కువైతే ఏ అరా సరిపోదు. 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడనిచ్చారు. 4 మాత్రమే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారట. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ఇంట్లో నాలుగే ఉంచాలని ఎవరూ అనరు. మేం సగం కార్లని, సగం మెత్తబొమ్మల్ని ఒక పాత సూట్‌కేసులో పెట్టి అటక ఎక్కించాం. మూడు వారాలకొకసారి అవి కిందికి, ఇవి పైకి. రాత్రి తనతో పడుకునే ఏనుగును మాత్రం ఈ మార్పిడిలో కలపకూడదు. ఒకసారి కలిపాం. రాత్రి పదకొండింటికి మా మరిది నిచ్చెన వేసుకుని అటక ఎక్కాల్సి వచ్చింది.

వారం తిరక్కుండానే ఒక పేచీ మొదలైంది. మూట కట్టబోతే వాడు బ్లాకుల మీద బోర్లా పడుకుని ఏడుపు. “పెద్దమ్మా, నా వంతెన ఇంకా అవలేదు!” నిజమే. రోజంతా కట్టినదాన్ని సర్దడం పేరుతో కూల్చేస్తే, సర్దడమంటే కూల్చడమని వాడికి అర్థమవుతుంది. మర్నాడు వంటింట్లోంచి వెడల్పాటి స్టీలు ట్రే ఒకటి తెచ్చి, సగంలో ఉన్న పని ఏదైనా దాని మీద పెట్టుకోవచ్చన్నాం. ట్రే టీవీ యూనిట్ పైన ఒక మూల ఉంటుంది. దాని మీద పట్టినంతే, ఇంకో ట్రే లేదు. వంతెన మూడు రోజులు అక్కడుంది. నాలుగో రోజు వాడే విప్పేసి విమానాశ్రయం మొదలుపెట్టాడు.

చెప్పే తీరు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. “హాలంతా సర్దు” అంటే ఆ వయసుకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. “కార్లన్నీ షెడ్డుకి తోలు” అంటే తెలుస్తుంది. అవి అయ్యాక గిన్నెలు. ముందు ఒకటి, తర్వాత ఇంకోటి.

హాల్లో కూడని వస్తువులూ కొన్ని ఉన్నాయి. పెద్దవాడి బొమ్మల్లో అంగుళంపావు వెడల్పు గొట్టంలో పూర్తిగా దూరిపోయే ముక్క ఏదైనా చిన్నదాని గొంతుకి అడ్డంపడే ప్రమాదం ఉన్నదే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల పరీక్షకి వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అలాంటి ముక్కలు, బటన్ బ్యాటరీ మూత వదులైన బొమ్మలు పై అరలో జిప్పు సంచిలో ఉంటాయి. చిన్నది నిద్రపోయాకే కిందికి దిగుతాయి. కొత్తగా ఎత్తైన అలమర కొని హాల్లో పెట్టేవాళ్లు దాన్ని గోడకి ఎల్ క్లాంపుతో బిగించాలి. పిల్లలకి అరలంటే మెట్లే. గోడకి రంధ్రాలు వద్దని ఇంటి యజమాని అంటే, పిల్లవాడి ఛాతీ కంటే ఎత్తు లేని సామానుతోనే సర్దుకోవడం నయం. బరువైన మూత ఉన్న పాతకాలపు చెక్కపెట్టె అయితే నేను అసలు వద్దంటాను. ఆ మూత వేళ్ల మీదా మెడ మీదా పడుతుంది.

ఏర్పాటు ఎక్కడ తప్పిందో టబ్బులే చెబుతాయి. రోజూ ఒకే టబ్బు కుమ్మరించి ఉంటే అందులో సరుకు ఎక్కువైంది. టబ్బు పక్కన నేలమీద బొమ్మలు కుప్పపడుతుంటే సందు చాలడం లేదు. ఒక గంప ఎప్పుడూ ఖాళీగా ఉంటే అది ఆట జరిగేచోటికి దూరంగా ఉంది. మా వాళ్లింట్లో బాల్కనీ తలుపు దగ్గర పుస్తకాల బుట్ట అలాగే పది రోజులు ఖాళీగా ఉండి, దివాన్ పక్కకి జరపగానే నిండింది. దేనికీ చెందని వాటికి, అంటే చక్రం ఊడిన లారీ, ఎవరిదో తెలియని మూత, పజిల్ ముక్క, వీటికి ఒక చిన్న గిన్నె పెట్టాం. ఆదివారం దాన్ని ఖాళీ చేయకపోతే రెండు వారాల్లో పాత పెట్టె మళ్లీ పుడుతుంది.

అదే హాల్లో అద్దాల షోకేసు ఉంది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, దశావతారాలు. తెల్లపొణికి చెక్క తేలిక, మెత్తన, టబ్బులో పడేస్తే విరుగుతుంది. దానికి తాళం అలాగే ఉంచాం. అది చూసే బొమ్మ అని వాడికి చెప్పాం. వాడికి ఆ తేడా ఇంకా నచ్చలేదు.

నెల దాటాక ఒక రాత్రి మళ్లీ గడియారం చూశాను. తల్లీ కొడుకూ కలిసి ఆరు నిమిషాలు. చివర్లో వాడు సోఫా కిందికి దూరి, “పెద్దమ్మా, ఒక కారు దొరకట్లేదు” అన్నాడు. అది మర్నాడు పొద్దున చీపురుకి తగిలింది.