పొద్దున పెట్టుబడి, పదింటికల్లా రాబడి

చెన్నై వీధుల్లో పండ్లు అమ్మేవాళ్ల అప్పుల గురించి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ పుస్తకం ‘పూర్ ఎకనామిక్స్’లో ఒక లెక్క చెప్పారు. తెల్లవారుజామున వెయ్యి రూపాయల సరుకు అప్పు మీద తెచ్చుకుంటారు. రాత్రికి దాదాపు 1,047 రూపాయలు కడతారు. మర్నాడు మళ్లీ అదే అప్పు. ఒక అమ్మకందారు మూడు రోజులపాటు రోజుకు ఐదు రూపాయల టీ మానేసి, ఆ మేరకు అప్పు తగ్గించి తెచ్చుకుందనుకోండి. నాలుగో రోజు నుంచి టీ మామూలుగానే తాగొచ్చు. తప్పిన వడ్డీని కూడా సరుకులోనే పెడుతూ పోతే చాలు, సుమారు తొంభై రోజులకు ఆమె సరుకంతా సొంత డబ్బుతోనే వస్తుంది. ఆ మధ్య ఇంట్లో ఒక్క జ్వరం, ఒక్క పెళ్లి కట్నం చదివింపులు రాకూడదు మరి!

పీకల దాకా అప్పుల్లో ఉండి, ఇక ఎక్కడా రూపాయి పుట్టని మనిషికి ఏ వ్యాపారం పనికొస్తుందన్న ప్రశ్నకు ఈ లెక్కలోనే సగం జవాబు ఉంది. లాభం ఎంత అన్నది అతను ముందు చూడాల్సిన సంగతి కాదు. పెట్టిన డబ్బు ఎన్ని గంటల్లో తిరిగి చేతికొస్తుందన్నదే చూడాలి. బట్టల షాపులో నూటికి నలభై మిగలొచ్చు. కానీ చీర పండగ దాకా బీరువాలోనే ఉంటుంది, ఈలోగా వడ్డీ వాడు నాలుగుసార్లు గుమ్మం తొక్కుతాడు. గేదెలు, కోళ్లు, పుట్టగొడుగులు మంచివే, కాకపోతే ఎదగడానికి వాటికి టైం కావాలి. ఇలాంటి మనిషి దగ్గర లేనిది ఆ టైమే.

మన దగ్గర డైలీ ఫైనాన్స్ సంగతి చూడండి. పది వేలు రాయించుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది. కట్టే కొద్దీ అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఏడాది లెక్కన చూస్తే నూటికి 75 రూపాయల పైమాటే. తెలంగాణలో గిరిగిరి అన్నా, బెజవాడలో కాల్ మనీ అన్నా ఇంతకంటే మెరుగేం కాదు. అందుకే కొత్త వ్యాపారం మొదటి ఖర్చు కూడా ఇలాంటి డబ్బుతో జరగకూడదు.

మరి మొదటి ఐదొందలు ఎక్కడి నుంచి? కొనేవాళ్ల దగ్గర నుంచే. ఊరూరా ఉన్న ఇడ్లీ పిండి వ్యాపారం దీనికి చక్కగా సరిపోతుంది. కిలో మినపగుండ్లకు రెండు కిలోల ఇడ్లీ రవ్వ కలిపి రుబ్బితే, నానిన నీళ్లతో కలిపి దాదాపు ఆరున్నర, ఏడు కిలోల పిండి వస్తుంది. గుండ్లు 130, రవ్వ 100 అనుకుందాం, ఊరిని బట్టి ధర మారుతుంది. గ్రైండర్ లేకపోతే రుబ్బించడానికి, కవర్లకు ఇంకో యాభై. మొత్తం 280. కిలో 65 చొప్పున ఏడు ఇళ్లకు ఇస్తే 455 వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో ఆ ఏడుగురి దగ్గరా ముందు రోజు సాయంత్రమే డబ్బు తీసుకుంటే, ఆ 455లోంచే సరుకు వస్తుంది. సొంత పెట్టుబడి సున్నా. మిగిలేది 175. చిన్న మొత్తమే, కానీ ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేని డబ్బు.

ఇక్కడో జాగ్రత్త ఉంది. అడ్వాన్సు కూడా అప్పే. నెల డబ్బు ఒకేసారి తీసుకుని ఇంటద్దెకు కట్టేస్తే, మిగతా రోజులన్నీ పిండి రూపంలో ఆ అప్పు తీర్చాలి, సరుకుకు చేతిలో పైసా ఉండదు. వారానికి మించి ముందు తీసుకోకపోవడం మేలు.

పది, పదిహేను రోజులు పిండి అమ్మి ఐదొందలు పక్కన పెట్టగలిగితే అప్పుడు టిఫిన్. అదే కిలో గుండ్లు, రెండు కిలోల రవ్వకు 130 ఇడ్లీల దాకా వస్తాయి. పిండికి 230, పల్లీలు, పుట్నాలు, మిర్చి, నూనె, తాలింపు అన్నీ కలిపి చట్నీకి 120, గ్యాస్ 80, ప్లేట్లు, కవర్లు, రుబ్బుడు కూలి 70. మొత్తం ఐదొందలు. ప్లేటుకు నాలుగు, ముప్పై రూపాయలు. కాగితం మీద 32 ప్లేట్లు, 960 రూపాయలు. కానీ అన్నీ ఎప్పుడూ అమ్ముడుపోవు. మొదటి వాయి సరిగ్గా ఉడకదు, పిల్లలు రెండు తింటారు, పదింటికి కొన్ని మిగులుతాయి. 27 ప్లేట్లు పోయాయనుకుంటే 810. ఖర్చు పోను 310. రెండు కిలోల గుండ్లకు వెళ్తే గ్యాస్, చట్నీ ఖర్చు రెట్టింపు కాదు, మొత్తం తొమ్మిదొందల్లో తేలుతుంది. 55 ప్లేట్లు పోతే 1,650, మిగులు 750. ఆ మెట్టు ఎక్కడానికి నాలుగొందలు ఎక్కువ సరుకు కావాలి, అది లాభంలోంచే రావాలి. మూడు రోజులు వరుసగా తొమ్మిదింటికే గిన్నె ఖాళీ అయితే ఎక్కొచ్చు. ఒక్క ఆదివారం రద్దీ చూసి ఎక్కితే సోమవారం పిండి పులుస్తుంది.

చలికాలం పిండి పొంగదు, ఎండాకాలం పొద్దెక్కకముందే పులిసిపోతుంది. వాన పడిన రోజు బండి దగ్గర ఎవరూ ఆగరు. కాబట్టి నెలకు ముప్పై రోజులు లెక్కేసుకోవడం పొరపాటు. ఇరవై నాలుగే వేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. బండి కొనొద్దు, ఉన్న ఊళ్లో రోజు అద్దెకు దొరుకుతుంది. మునిసిపాలిటీ వాళ్లు లేపేయని చోటేదో పక్కన అమ్మే వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆహారం అమ్మేవాళ్లు ఎంత చిన్నవాళ్లయినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

వ్యాపారం బాగానే నడుస్తూ మనిషి మునిగిపోయే చోటు వేరే ఉంది. పొద్దున్నే స్కానర్‌కు డబ్బు టకటకా పడుతుంది. ఆ ఫోన్‌పే ఏ ఖాతాకు లింకై ఉంది? లోన్ ఈఎంఐ కోసం ఆటో డెబిట్ ఇచ్చిన ఖాతాకే అయితే, ఐదో తారీకున బ్యాంకు ఉన్నదంతా ఊడ్చేస్తుంది. చాలకపోతే బౌన్స్ చార్జీ కూడా. మర్నాడు మినపగుండ్లకు డబ్బు లేదు, బండి ఆగిపోయింది. అప్పు ఎగ్గొట్టాలని కాదు, సరుకు డబ్బు సరుకుకే ఉండాలి. అప్పు లేని ఇంకో బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి స్కానర్ దానికి పెట్టుకోవాలి. ఈఎంఐకి ఎంత కట్టగలరో అంత తనే చేత్తో ఆ పాత ఖాతాలో వేయాలి.

నోటు రూపంలో వచ్చేదానికి మూడు డబ్బాలు. మొదటిది రేపటి సరుకుది, అందులో ఐదొందలు పడ్డాకే రెండో డబ్బా మూత తీయాలి. రెండోది ఇంటిది, మూడోది అప్పుది. పది గంటలకు బండి దగ్గరకొచ్చి గొడవ చేసే వాడికి చేతికి దొరికింది ఇచ్చి పంపడం సహజం. ఆ చేతికి దొరికేది మాత్రం మొదటి డబ్బా కాకూడదు. అలాగే ‘రాసుకో అక్కా, ఒకటో తారీకు ఇచ్చేస్తా’ అనే రోజువారీ గిరాకీ. రోజుకు ఇద్దరికి అరువు పెడితే అరవై, పాతిక రోజులకు పదిహేను వందలు. అంటే మూడు రోజుల సరుకు డబ్బు వీధిలో తిరుగుతోందన్నమాట. అప్పు పుట్టని మనిషి అప్పు ఇవ్వకూడదు. చిన్నబుచ్చకుండా చెప్పే ఉపాయం అమ్మేవాళ్లకే తెలుసు: ‘అన్నా, ఇది నా డబ్బు కాదు, సరుకు వాడిది’ అంటారు.

వంట రానివాళ్ల సంగతేమిటి? సూత్రం అదే. కుట్టు మిషన్ ఉంటే జాకెట్లు కుట్టడం, ఫాల్ వేయడం. గుడ్డ కస్టమర్‌ది, పెట్టుబడి దారమే. నీళ్ల ట్యాంకులు కడగడం, సోఫాలు, కూలర్లు శుభ్రం చేయడం లాంటి పనుల్లో డబ్బు పని అయిన రోజే వస్తుంది. దూరంగా ఉండాల్సింది ‘మిషన్ కొనండి, సరుకు మేమే తిరిగి కొంటాం’ అనే ప్రకటనలకు. దీపం వత్తుల మిషన్ల పేరుతో హైదరాబాద్‌లో ఇలాగే మోసపోయి పోలీసులను ఆశ్రయించినవాళ్లున్నారు. డిపాజిట్ అడిగే ఏ పనీ ఈ మనిషిది కాదు.

ఇక ఈ ఆదాయంతో అప్పు తీరుతుందా? రోజుకు 750, ఇరవై నాలుగు రోజులు, అంటే పద్దెనిమిది వేలు. ఆరు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెల వడ్డీ కూడా సరిగ్గా పద్దెనిమిది వేలే. ఇంట్లో తిండి తినకుండా కట్టినా అసలు కదలదు. అలాంటప్పుడు ఇడ్లీ బండి అప్పు తీర్చేది కాదు, బేరానికి కూర్చోబెట్టేది మాత్రమే. బంగారమో, బండో, జాగానో అమ్మి అసలు కొంత తగ్గించడం, వడ్డీ మాఫీ అడగడం తప్పదు. రోజూ ఎంత కట్టగలరో నెల రోజుల లెక్క పుస్తకంతో చూపిస్తే ఆ మాటకు బరువుంటుంది. కార్లన్, ముల్లైనాథన్, రోత్ అనే పరిశోధకులు ఇండియాలో, ఫిలిప్పీన్స్‌లో మార్కెట్ వ్యాపారుల వడ్డీ అప్పులను మొత్తంగా తీర్చేసి చూశారు. చాలామంది ఆరు వారాల్లోనే మళ్లీ అప్పు చేశారు. 2019లో అచ్చయిన ఆ ఫలితం చూస్తే, మొదటి డబ్బా పట్ల ఇంత పట్టుదల ఎందుకో అర్థమవుతుంది.

బేరం కుదిరాక కాగితం పని. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ అయితే సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే డబ్బు కట్టాలి. క్రెడిట్ రిపోర్టులో అది ‘సెటిల్డ్’ అని పడుతుంది, పూర్తిగా కట్టినట్టు కాదు. రికవరీ ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. ప్రామిసరీ నోటు అప్పయితే కట్టిన ప్రతి మొత్తానికీ నోటు వెనక చెల్లు వేయించుకోవాలి, తేదీతో సహా ఫోటో తీసి పెట్టుకోవాలి. మూడేళ్ల గడువు దాటకముందు సంతకంతో వేసిన చెల్లు అప్పిచ్చినవాడికీ పనికొస్తుంది, కోర్టుకు వెళ్లే గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. కాబట్టి వాళ్లు చెల్లు వేయడానికి పెద్దగా పేచీ పెట్టరు. పెట్టారంటే, ఆ డబ్బు ఫోన్‌పేలోనే పంపడం మంచిది.